క్వాలిటీ ఇంజినీర్ రెజ్యూమేలో "రిజెక్షన్ 4.2 నుంచి 1.1 శాతానికి" అని ఉంది. ఎంతవరకు నమ్మాలి?

బొబ్బిలి_బాబ్జీ
మాది బొబ్బిలి గ్రోత్ సెంటర్‌లో చిన్న మెషీన్ షాపు. ఆటో విడిభాగాలు చేసే ఒక పెద్ద కంపెనీకి స్టీలు బుష్‌లు, అంటే మధ్యలో బోరు అనే రంధ్రం ఉన్న గొట్టం ముక్కలు, తయారుచేసి ఇస్తాం. ఉన్న క్వాలిటీ ఇంజినీరు విశాఖలో ఉద్యోగం దొరికిందని పండగ బోనస్ తీసుకుని మరీ వెళ్లిపోయాడు. ప్రకటన ఇస్తే పదకొండు రెజ్యూమేలు వచ్చాయి. అందులో ఒక్కటే నిలబడింది.

ప్రకటనలో మేం అడిగినవి ఇవి. ఆటో పరిశ్రమ క్వాలిటీ ప్రమాణం ఐఏటీఎఫ్ 16949 ఉన్న చోట 3 నుంచి 5 ఏళ్ల అనుభవం ఉండాలి. ఇన్‌స్పెక్షన్ ప్లాను సొంతంగా రాయగలగాలి. వృథా తగ్గించే లీన్ పద్ధతులు తెలిసి ఉండాలి. రిజెక్షన్ తగ్గించిన దాఖలా చూపించాలి.

కుర్రాడిది చీపురుపల్లి వైపు. పుణె దగ్గర ఐదేళ్లుగా పనిచేస్తున్నాడు, ఇంటికి దగ్గరగా వచ్చేద్దామని చూస్తున్నాడు. రెజ్యూమేలో ముఖ్యమైన లైన్లు ఉన్నవి ఉన్నట్టు పెడుతున్నాను:

"25 మి.మీ. బోరు బుష్ లైన్‌లో (నెలకు 18,000 పీసులు) రిజెక్షన్‌ను 6 నెలల్లో 4.2 నుంచి 1.1 శాతానికి తగ్గించాను, ఏటా 24 లక్షల ఆదా."
"ఐఎస్ఓ 2859 ప్రకారం ఏక్యూఎల్ 1.0తో ఫైనల్ ఇన్‌స్పెక్షన్."
"5ఎస్, కైజెన్, స్మెడ్, పోకా యోకే, వీఎస్ఎం, టీపీఎం, కాన్‌బాన్ అమలు."
"సిక్స్ సిగ్మా గ్రీన్ బెల్ట్."

నాన్నగారికి తెగ నచ్చేశాడు. "మన జిల్లావాడు, మన బుష్ పనే చేశాడు, ఇంకేం కావాలి" అంటున్నారు. నాకైతే మరీ తియ్యగా ఉన్నట్టుంది. మీరేమంటారు?

సిక్కోలు_చిన్నోడు
ఆ ఏడు మాటల లైను నా రెజ్యూమేలో కూడా ఉంది బావు. అదే వరసలో. 😄

రాజాం_రవణ
నేనైతే పక్కన పెట్టేస్తాను. 1.1 శాతం అంటే పది లక్షలకు 11,000 పీసులు చెడిపోయినట్టు. ఆటో కస్టమర్లు రెండంకెల పీపీఎం అడుగుతున్న రోజులివి. గ్రీన్ బెల్ట్ అని రాసుకుని 11,000 పీపీఎం గురించి గొప్పగా చెప్పుకోవడమేంటి?

పైడిభీమవరం_క్యూఏ
రెజ్యూమేలో జీఎంపీ ఊసే లేదు, డేటా ఇంటెగ్రిటీ లేదు, బ్యాచ్ రికార్డు రివ్యూ లేదు. మా దగ్గరైతే మొదటి వడపోతలోనే పోతుంది.

బొబ్బిలి_బాబ్జీ
సార్, మాది ఇనుము. మాత్రలు కాదు.

పైడిభీమవరం_క్యూఏ
అయ్యో, క్వాలిటీ అనగానే మా పైడిభీమవరం అనుకుని రాసేశాను. సరే, చదువుతూ ఉంటాను.

గేజి_తాత
ముప్ఫై రెండేళ్లు ఇన్‌స్పెక్షన్ టేబుల్ దగ్గరే గడిపినవాణ్ని, రిటైరై గరివిడిలో ఉంటున్నాను. కొంచెం పొడుగ్గా రాస్తాను, ఓపిక పట్టండి.

ముందు రవణ గారి మాట. మీరు చెప్పిన రెండంకెల పీపీఎం కస్టమర్ గేటు దాటాక దొరికే చెడ్డ పీసుల లెక్క. కుర్రాడు రాసింది షాపు లోపల పట్టుకుని పక్కన పెట్టిన వాటి లెక్క. లోపల 1.1 శాతం పోయినా బయటికి ఒక్కటీ వెళ్లని షాపులున్నాయి. లోపల అర శాతమే పోతూ, బయటికి పెట్టెలకు పెట్టెలు వెళ్లిపోయే షాపులూ ఉన్నాయి. రెండింటినీ ఒకే తూకంలో వేయకూడదు.

ఇక బాబ్జీ గారూ, కుర్రాడు మీకో మేలు చేశాడు. నెలకు 18,000 అని రాశాడు. చాలామంది శాతాలు రాసి వదిలేస్తారు. ఇతను అంకె ఇచ్చాడు కాబట్టి కాగితం పెట్టుకుని కూర్చోవచ్చు.

18,000లో 4.2 శాతం అంటే 756 పీసులు. 1.1 శాతం అంటే 198. నెలకు మిగిలినవి 558, ఏడాదికి 6,696. ఇవి 24 లక్షలు కావాలంటే ఒక్కో బుష్ సుమారు 358 రూపాయలు పడాలి. మీరు చేసేదీ అలాంటి బుష్షే అంటున్నారు. మీకు ఎంత పడుతుంది?

బొబ్బిలి_బాబ్జీ
మెటీరియల్, మెషీనింగ్, హీట్ ట్రీట్‌మెంట్ అన్నీ కలిపి 110 దాటదు తాతగారూ. స్క్రాపు అమ్మితే వచ్చేది వేరే.

గేజి_తాత
అయితే 110 చొప్పున 7 లక్షల 36 వేలు. 24 లక్షలకు మూడో వంతు కూడా రాలేదు. అలాగని అబద్ధమని తీర్మానించకండి. చెడ్డ పీసులకి కస్టమర్ కోత వేసే డెబిట్ నోట్లు, పీసులు ఏరడానికి పెట్టిన మనుషుల కూలి కూడా కలిపి ఉండొచ్చు. కానీ ఆ మిగతా 16 లక్షలు ఎక్కడివని అడిగే హక్కు మీకుంది.

హెచ్‌ఆర్_స్వాతి
ఒక మాట తాతగారూ. ఆదా అంకెలు చాలాసార్లు ఉద్యోగి వేసినవి కావు. మేం అప్రైజల్ ఫారంలో "ఏటా ఆదా" అనే గడి పెడతాం, మేనేజరు ఏదో నింపుతాడు, అదే రెజ్యూమేలోకి వస్తుంది. ఆ లైను చూసి మనిషి నిజాయితీని తేల్చేయడం అన్యాయం.

సిక్కోలు_చిన్నోడు
స్వాతి మేడమ్ ఇన్నాళ్లకి నిజం ఒప్పుకున్నారు. ఈ పోస్టు దాచుకుంటున్నా.

చాకన్‌లో_సాలూరు
నాది తిరగబడిన కథ. నేనూ పుణె పక్కనే, ఇదే లైను. మా కంపెనీలో అంకెలు బయట పెట్టకూడదని సంతకం చేయించుకున్నారు. అందుకని రెజ్యూమేలో "రిజెక్షన్ గణనీయంగా తగ్గించాను" అని మాత్రమే రాశాను. మూడు చోట్ల "ఫలితాలు చూపలేదు" అని వెనక్కి పంపారు. రాస్తే అనుమానం, రాయకపోతే తిరస్కారం. ఏం చేయమంటారు?

హెచ్‌ఆర్_స్వాతి
పీసుల సంఖ్య, కస్టమర్ పేరు తీసేసి, "సగానికి తగ్గింది, కారణం ఫలానా, చేసిన మార్పు ఫలానా" అని రాయండి. చదివేవాళ్లకి కారణమూ మార్పూ తెలిస్తే చాలావరకు సరిపోతుంది.

గేజి_తాత
మేడమ్ చెప్పింది నాకూ నచ్చింది. బాబ్జీ గారి కుర్రాడి రెజ్యూమేలో లేనిది సరిగ్గా అదే. ఎంత తగ్గిందో ఉంది, ఎందుకు తగ్గిందో లేదు. ఏడు లీన్ మాటలున్నాయి, ఒక్క మెషీన్ పేరు లేదు.

ఫోన్‌లో అడగాల్సింది "కైజెన్ అంటే ఏమిటి" అని కాదు. అది అందరూ చెబుతారు. "4.2లో ఏయే లోపాలు ఎంతెంత ఉన్నాయి? మొదట దేని మీద చేయి వేశావు?" అని అడగండి. పని చేసినవాడు తడుముకోకుండా బోరు పెద్దదవడం ఇంత, గీతలు ఇంత, పొడవు తేడా ఇంత అని చెబుతాడు. ఆ అంకెలు రోజూ పొద్దున బోర్డు మీద తన చేత్తో రాసి ఉంటాడు కాబట్టి.

ఇంకో ప్రశ్న. "రీవర్క్ చేసి బాగుచేసిన పీసును రిజెక్షన్‌లో కలిపారా, విడిగా రాశారా? మధ్యలో ఆ పద్ధతి మారిందా?" ఇది తప్పక అడగండి. రిజెక్షన్ తగ్గించడానికి ప్రపంచంలో అన్నిటికన్నా సులువైన దారి, దానికి వేరే పేరు పెట్టడమే.

నెల్లిమర్ల_నాయుడు
మా జూట్ మిల్లులో కూడా అంతేనండి. "సెకండ్స్" అని కొత్త కాలమ్ తెరిచారు. ఆ నెల నుంచి రిజెక్షన్ పాతాళానికి పోయింది. గోనె మాత్రం అదే గోనె.

రాజాం_రవణ
పీపీఎం విషయంలో నేను తొందరపడ్డాను, ఒప్పుకుంటున్నా. కానీ ఇన్‌స్పెక్షన్ లైను బాగానే ఉంది కదా? ఐఎస్ఓ 2859 అంతర్జాతీయ ప్రమాణం, ఏక్యూఎల్ 1.0 అని స్పష్టంగా రాశాడు. ప్రకటనలో అడిగిందానికి అది సరిపోయినట్టే.

గేజి_తాత
నాకు అన్నిటికన్నా గుచ్చుకున్నది ఆ లైనే రవణ గారూ.

ప్రమాణం మంచిదే. మన ఐఎస్ 2500 కూడా దాని దారిలోదే. మామూలు స్థాయిలో 1,000 పీసుల లాట్ వస్తే 80 తీసి చూస్తాం. ఏక్యూఎల్, అంటే ఒప్పుకునే లోపాల స్థాయి, 1.0 అయితే ఆ ఎనభైలో రెండు చెడ్డవి దొరికినా లాట్ పాస్, మూడు దొరికితే వెనక్కి. కొనుగోలు సరుకుకి, చాలా పరిశ్రమల్లో ఇదే నడుస్తుంది.

కానీ బాబ్జీ గారి ప్రకటన అడిగింది ఐఏటీఎఫ్ 16949. అందులో 8.6.6 అని ఒక చిన్న క్లాజు ఉంది, రెండు లైన్లే. మంచిదా చెడ్డదా అని మాత్రమే తేల్చే శాంపిలింగ్‌లో అంగీకార స్థాయి సున్నా లోపాలు ఉండాలంటుంది. అంటే ఎనభైలో ఒక్కటి చెడ్డది దొరికినా లాట్ ఆగిపోవాలి. "రెండు వరకు పర్వాలేదు" అనే ప్లానుతో ఆటో బుష్‌లు ఫైనల్ ఇన్‌స్పెక్షన్ చేశానంటే మూడింటిలో ఏదో ఒకటి జరిగి ఉండాలి. ఆ లైను ఆటోది కాకపోవచ్చు. కంపెనీ ఆడిట్‌లో పట్టుబడకుండా నెట్టుకొస్తూ ఉండొచ్చు. లేదా కుర్రాడు ఎక్కడో చూసి రాసుకుని ఉండొచ్చు.

చాకన్‌లో_సాలూరు
నాలుగోది కూడా ఉంది తాతగారూ. మా దగ్గర బయటి నుంచి వచ్చే బోల్టులకి, ప్యాకింగ్ డబ్బాలకి ఏక్యూఎల్ వాడతాం. ఫైనల్‌కి సున్నా ప్లానే. రెజ్యూమే రాసేటప్పుడు రెండూ కలిపేసే అవకాశం ఉంది.

గేజి_తాత
అదీ నిజమే. అందుకే రెజ్యూమే చూసి కొట్టేయకుండా అడగమంటున్నా.

పైడిభీమవరం_క్యూఏ
మరి గ్రీన్ బెల్ట్ సంగతి? అది ఎవరిచ్చారో చూడక్కర్లేదా?

రాజాం_రవణ
అదే నేనూ అడగబోయా. పేరున్న సంస్థది కాకపోతే చెల్లదు.

హెచ్‌ఆర్_స్వాతి
గ్రీన్ బెల్ట్ ఇవ్వడానికి ప్రపంచం మొత్తానికి ఒకే సంస్థ అంటూ లేదు. వారాంతంలో రెండు రోజుల వీడియో చూసి తెచ్చుకునేవీ ఉన్నాయి, ప్రాజెక్టు చేసి పరీక్ష రాసి తెచ్చుకునేవీ ఉన్నాయి. నేను సర్టిఫికెట్ అడగను, ప్రాజెక్టు ఏమిటని అడుగుతాను.

బొబ్బిలి_బాబ్జీ
నిన్న రాత్రి ఫోన్‌లో నలభై నిమిషాలు మాట్లాడాను. జరిగింది జరిగినట్టు చెబుతున్నా.

రీవర్క్ ప్రశ్న వేయగానే కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "సార్, ఏప్రిల్ నుంచి రీవర్క్‌ని విడిగా రాయడం మొదలుపెట్టారు. అందులోనే 1.8 పోయింది" అన్నాడు. తనే చెప్పాడు, నేను లాగలేదు.

మిగిలిన 2.4 నుంచి 1.1కి తగ్గింది బోరు వల్లనట. బోరు 25 హెచ్7, అంటే 25.000 నుంచి 25.021 వరకే చోటు. లోహాన్ని కోసే ఇన్సర్ట్ అరిగేదాకా వాడి, పీసు చెడ్డాక మార్చేవాళ్లట. ఇతను దాని ఒక్కో అంచు ఎన్ని పీసుల దాకా నిలుస్తుందో వారం రోజులు రాసి, 220 పీసులకి తప్పనిసరిగా తిప్పాలని పెట్టాడట. ఇంకోటి, ఆపరేటర్లు 0.01 మి.మీ. లీస్ట్ కౌంట్ బోర్ డయల్‌తో చూస్తుంటే ఇంకా సూక్ష్మంగా కొలిచే ఎయిర్ గేజి పెట్టించాడట.

ఏక్యూఎల్ సంగతి సాలూరు గారు చెప్పినట్టే. కొన్న సరుకుకి. "ఫైనల్ అని ఎందుకు రాశావు" అంటే "ప్రకటనలో ఇన్‌స్పెక్షన్ అని కనిపించింది సార్, కలిపేశాను" అన్నాడు.

24 లక్షలు మేనేజరు వేసిన అంకెట. అందులో ఏమేం కలిపారో తెలియదన్నాడు.

హెచ్‌ఆర్_స్వాతి
😌

గేజి_తాత
ఇప్పుడు లెక్క మళ్లీ వేద్దాం. నిజంగా తగ్గింది 1.3. నెలకు 234 పీసులు, ఏడాదికి 2,808, మీ 110 చొప్పున 3 లక్షల 9 వేలు. 74 శాతం తగ్గింపు అనుకున్నది 54 శాతం అయింది. అదేం తక్కువ కాదు. 24 లక్షలు, ఏడు మాటలు తీసేసి ఆ ఇన్సర్ట్ కథ ఒక్కటి రాసి ఉంటే నేను మొదటి రోజే పిలవమనేవాణ్ని.

ఎయిర్ గేజి మాట నాకు బాగా నచ్చింది. 21 మైక్రాన్ల చోటుని 10 మైక్రాన్ల గీతలున్న డయల్‌తో కొలవడమంటే పెసలు తూచడానికి బస్తాల కాటా తెచ్చినట్టు. మంచి పీసు చెడ్డదవుతుంది, చెడ్డది మంచిదవుతుంది. అంచేత ఆ 1.3లో కొంత, పీసు బాగుపడ్డం వల్ల కాక కొలత బాగుపడ్డం వల్ల వచ్చి ఉంటుంది. ఆ రెండూ ఎంతెంతో ఇప్పుడు విడదీయలేం.

రాజాం_రవణ
నేనింకా వద్దనే అంటాను. అడిగితే నిజం చెప్పాడు, బాగుంది. అడగకపోతే? రేపు కస్టమర్‌కి పంపే రిపోర్టులో కూడా "కలిపేశాను" అంటే డెబిట్ నోటు బాబ్జీ గారి పేరు మీదే కదా వచ్చేది.

నెల్లిమర్ల_నాయుడు
రవణ గారూ, మీ పెళ్లి సంబంధానికి ఇచ్చిన బయోడేటాలో ఎత్తు ఎంత రాశారు?

రాజాం_రవణ
అది వేరే విషయం.

గేజి_తాత
షాపుకి పిలిచి ఒక పని చేయండి బాబ్జీ గారూ. మెషీన్ మీంచి అప్పుడే తీసిన బుష్ ఒకటి, నిన్నటి నుంచి టేబుల్ మీదున్న బుష్ ఒకటి, గేజిని సరిచూసుకునే సెట్టింగ్ రింగు పక్కన పెట్టి కొలవమనండి. ఏమీ చెప్పకండి. ఊరికే చూడండి.

బొబ్బిలి_బాబ్జీ
నిన్న వచ్చాడు. నాన్నగారు, మా షిఫ్ట్ సూపర్‌వైజరు, నేను నిలబడి చూశాం.

మొదటి బుష్ చేతిలోకి తీసుకోగానే కొలవలేదు. అరచేతిలో అటూ ఇటూ తిప్పి "ఇది ఎప్పుడు తీశారు?" అని అడిగాడు. "ఇప్పుడే" అన్నాం. దాన్ని రింగు పక్కన ఇనప పలక మీద పెట్టేసి, రెండోది కొలిచాడు. ఇరవై నిమిషాల తర్వాత మొదటిదాని దగ్గరికి వచ్చాడు. అప్పుడు 25.018 వచ్చింది. మా సూపర్‌వైజరు అదే బుష్‌ని అంతకుముందే, వేడిగా ఉన్నప్పుడు 25.024 చూసి రిజెక్ట్ పీసుల ఎర్ర డబ్బాలో వేశాడు. నేనే దాన్ని తీసి టేబుల్ మీద పెట్టాను.

తాతగారూ, అది ఎందుకో కాస్త చెప్పండి. నాన్నగారు రాత్రంతా ఎర్ర డబ్బా గురించే మాట్లాడుతున్నారు.

గేజి_తాత
స్టీలు ఒక్కో డిగ్రీకి మీటరుకు పదకొండున్నర మైక్రాన్లు పెరుగుతుంది. 25 మి.మీ. బోరు, రింగు కన్నా ఇరవై డిగ్రీలు వేడిగా ఉంటే దాదాపు ఆరు మైక్రాన్లు పెద్దదిగా చూపిస్తుంది. మీకున్న చోటు 21 మైక్రాన్లు. అందులో పావు వంతు పైన వేడే తినేస్తోంది. షాపు వేడిగా ఉన్నంత మాత్రాన ఇంత తేడా రాదు, రింగూ అంతే వేడెక్కుతుంది కదా. పీసుకీ రింగుకీ మధ్య తేడాయే ముఖ్యం. మెషీన్ మీంచి తీసిన వెంటనే కొలిచే చోట ఎర్ర డబ్బా త్వరగా నిండుతోందా, ఒకసారి చూడండి. దీనికి ఇంకో వైపూ ఉంది. వేడిగా 25.004 చూపించి పాసైన పీసు, చల్లారాక 25.000 కిందికి దిగిపోయి కస్టమర్ దగ్గర షాఫ్ట్ ఎక్కక ఇరుక్కుంటుంది.

పైడిభీమవరం_క్యూఏ
మా దగ్గర బ్యాలెన్స్ మీద వేడి డిష్ పెట్టకూడదంటారు. మీరు చెప్పే కారణం వేరే అయినా, అలవాటు ఒకటే. ఇప్పుడు నాకూ ఏదో అర్థమైంది.

చాకన్‌లో_సాలూరు
బాబ్జీ గారూ, అతన్ని తీసుకోకపోతే నా రెజ్యూమే పంపనా? అంకెలు ఉండవు కానీ.

బొబ్బిలి_బాబ్జీ
పంపండి, నిజంగానే. ఎందుకంటే జీతం దగ్గర ఆగింది. పుణెలో వచ్చేదే ఇవ్వమంటున్నాడు. మేం అనుకున్నదానికి నెలకు ఎనిమిది వేలు ఎక్కువ. నాన్నగారు ఇచ్చేద్దామంటున్నారు. ఆ 24 లక్షల లైను మీద నాకింకా మనసు ఒప్పడం లేదు. రెజ్యూమే సరిచేసి మళ్లీ పంపమన్నాను. ఆదివారం లోపు పంపుతానన్నాడు.

రాజాం_రవణ
ఏడు మాటల్లో ఎన్ని మిగిలాయో చూసి చెప్పండి.

బొబ్బిలి_బాబ్జీ
ఇప్పుడే వచ్చింది. రెండు. 5ఎస్, స్మెడ్. స్మెడ్ పక్కన మెషీన్ పేరు రాసి "సెటప్ 95 నిమిషాల నుంచి 40కి, పీసును పట్టుకునే దవడలు ముందే మరో సెట్ సిద్ధంగా పెట్టడం వల్ల" అని ఉంది. 24 లక్షలు తీసేశాడు. 4.2 మాత్రం అలాగే ఉంది, పక్కన "ఏప్రిల్ నుంచి రీవర్క్ విడిగా" అని చిన్న అక్షరాల్లో.

రాజాం_రవణ
చిన్న అక్షరాల్లోనా! చూశారా.

గేజి_తాత
రాశాడు కదా రవణ గారూ. మొన్నటిదాకా అదీ లేదు.